పెట్రోలు కడగని వాల్వు

కారు సామాన్ల షాపులో కౌంటరు మీద వరసగా పేర్చిన చిన్న సీసాలు చూసే ఉంటారు. ట్యాంకులో పోస్తే చాలు, ఇంజెక్టర్లు శుభ్రం, వాల్వులు శుభ్రం, మైలేజీ పెరుగుతుంది అని వాటి మీద రాసి ఉంటుంది. ఇందులో వాల్వుల సంగతి కొన్ని కార్లకు నిజం, కొన్నిటికి ఉత్తమాట. మందు మంచిదా చెడ్డదా అన్నది కాదు ఇక్కడ తేడా. రెండో రకం కార్లలో పెట్రోలు ఆ వాల్వుల దగ్గరికే వెళ్లదు. ట్యాంకులో ఎంత ఖరీదైన మందు కలిపినా అది వాల్వుకు తగలకుండానే సిలిండర్లోకి వెళ్లి కాలిపోతుంది.

ఏ కారు ఏ రకమో తేల్చేది ఇంజెక్టర్ ఎక్కడ కూర్చుంది అన్న ఒక్క విషయమే. పాతది, ఇంటేక్ పోర్ట్‌లో కూర్చునేది పోర్ట్ ఇంజెక్షన్. మన దగ్గర ఎంపీఎఫ్‌ఐ అన్న పేరుతో పాతికేళ్ల కిందట మారుతి కార్ల వెనక స్టిక్కర్‌గా ఊరూరా తిరిగింది ఇదే. కొత్తది, నేరుగా సిలిండర్లోకే పెట్రోలు చిమ్మేది డైరెక్ట్ ఇంజెక్షన్. బండి వెనక జీడీఐ, టీఎస్‌ఐ, టీజీడీఐ లాంటి అక్షరాలుంటే దాదాపుగా అదే.

రెండూ పక్కపక్కన చూడాలంటే దూరం పోనక్కర్లేదు. పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో కియా తయారుచేసే సెల్టోస్‌ 2023 నుంచి రెండు పెట్రోలు ఇంజిన్లతో వచ్చింది. రెండూ ఒకటిన్నర లీటరువే. ఒకటి టర్బో లేని పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్, 115 పీఎస్ శక్తి, 144 న్యూటన్ మీటర్ల టార్క్. ఇంకోటి టర్బోతో వచ్చే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్, 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు. టార్క్‌లో అంత తేడాకు ప్రధాన కారణం టర్బోనే, అందులో అనుమానం లేదు. కాకపోతే అంత గాలిని సిలిండర్లోకి కుక్కినా ఇంజిన్ నాకింగ్ కొట్టకుండా నిలబడటంలో డైరెక్ట్ ఇంజెక్షన్‌కి పెద్ద వాటా ఉంది. ఎలాగో చూద్దాం.

ఇంజిన్‌లోకి గాలి వచ్చే దారి చివర, సిలిండర్ గుమ్మంలో ఉండేది ఇంటేక్ వాల్వు. గొడుగు తిరగేసినట్టుండే లోహపు తలకు సన్నని కాడ. పోర్ట్ ఇంజెక్షన్‌లో ఇంజెక్టర్ గుమ్మం బయటే ఉండి, ఈ వాల్వు వీపు మీదికి గురిపెట్టి పెట్రోలు చల్లుతుంది. చాలాసార్లు వాల్వు మూసి ఉండగానే చల్లుతుంది. వేడి వాల్వు మీద పడ్డ పెట్రోలు ఆవిరై గాలిలో కలిసి, వాల్వు తెరుచుకోగానే లోపలికి పోతుంది. దీనికి 3 నుంచి 4 బార్ ఒత్తిడి చాలు. ట్యాంకులోని పంపు ఒక్కటే ఆ పని చేసేస్తుంది.

డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఆ పంపుకు తోడు ఇంజిన్ మీద ఇంకో పంపు ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్ దాన్ని తోస్తూ ఉంటుంది. అది పెట్రోలు ఒత్తిడిని 200 బార్‌కు, ఈ మధ్య ఇంజిన్లలో 350 బార్‌కు కూడా పెంచుతుంది. అంత ఒత్తిడి ఎందుకంటే సమయం లేక. ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోందనుకోండి, పిస్టన్ పై నుంచి కిందికి దిగడానికి పట్టే కాలం సెకనులో 200వ వంతు. పెట్రోలు చిమ్మడం, అది పొగమంచులా విడిపోవడం, ఆవిరవడం, గాలితో కలవడం, ఈ పనులన్నీ పిస్టన్ అలా దిగి మళ్లీ పైకి వచ్చేలోపు అయిపోవాలి. అదే పోర్ట్ ఇంజెక్షన్‌కు నాలుగు స్ట్రోకుల కాలమూ చేతిలో ఉంటుంది, వాల్వు మూసి ఉన్నా దాని పని అది చేసుకుపోతుంది.

చిమ్మే పెట్రోలు ఎంతో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒకటిన్నర లీటరు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు 375 సీసీ. టర్బో లేకుండా అది పూర్తిగా నిండితే పట్టే గాలి దాదాపు 0.45 గ్రాము. 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోలు లెక్కన చూస్తే 0.03 గ్రాము. డ్రాపర్‌తో వేసే ఒక్క చుక్కకన్నా తక్కువే. దానికోసమే ఈ హంగామా అంతా.

ఇప్పుడు లాభం సంగతి. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని చుట్టుపక్కల నుంచి లాక్కుంటుంది. కిలో పెట్రోలు ఆవిరవడానికి సుమారు 350 కిలోజౌళ్లు కావాలి. ఆ కిలోతో కలిసేది 14.7 కిలోల గాలి. వేడంతా ఆ గాలి నుంచే తీసుకుంటే కిలో గాలికి 24 కిలోజౌళ్ల దాకా పోతుంది. గాలి అప్పుడు 20 డిగ్రీల పైచిలుకు చల్లబడాలి. ఇది కాగితం మీది లెక్క. నిజంలో కొంత వేడి పిస్టన్ నుంచి, గోడల నుంచి కూడా వస్తుంది కాబట్టి అంత చల్లదనం దక్కదు. అయినా దక్కినంతే ఎక్కువ. పోర్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు ఎక్కువగా వాల్వు లోహం నుంచి, పోర్ట్ గోడల నుంచి వేడి తీసుకుని ఆవిరవుతుంది కాబట్టి చల్లబడేది లోహమే తప్ప గాలి కాదు.

గాలి చల్లగా ఉంటే నొక్కినప్పుడు తనంతట తాను అంటుకునే ప్రమాదం తగ్గుతుంది. నాకింగ్ అనేది అదే కదా. దాంతో కంప్రెషన్ రేషియో కొంత పెంచుకోవచ్చు, లేదా టర్బో ఒత్తిడి పెంచుకోవచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. టర్బో ఇంజిన్లలో ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి కాసేపు తెరిచి ఉంచి, కొత్త గాలితో పాత పొగను తోసేయొచ్చు. పోర్ట్ ఇంజెక్షన్‌లో అలా చేస్తే గాలితో పాటు కలిసి ఉన్న పెట్రోలు కూడా సైలెన్సర్ దారి పడుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఆ సమయానికి లోపలికి వచ్చేది ఉత్త గాలే. పెట్రోలు తర్వాత, ఎగ్జాస్ట్ వాల్వు మూసుకున్నాక చిమ్ముతారు. చిన్న ఇంజిన్‌కు టర్బో పెట్టి పెద్ద ఇంజిన్ పని చేయించడం ఇందువల్లే ఇంతగా కుదిరింది.

ఆలోచన కొత్తదేం కాదు. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌లోనే బాష్ మెకానికల్ పంపుతో డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంది. కంప్యూటర్ నడిపే డైరెక్ట్ ఇంజెక్షన్‌ను పెద్ద ఎత్తున అమ్మే కార్లలోకి తెచ్చింది 1996లో మిత్సుబిషి. ఆ తర్వాత పదేళ్లలో ఫోక్స్‌వ్యాగన్, ఆడి, బీఎండబ్ల్యూ అందరూ అటే నడిచారు. అప్పుడే వర్క్‌షాపుల్లో మానిఫోల్డ్ విప్పి చూసిన మెకానిక్‌లకు వాల్వుల వీపు మీద గట్టి నల్లటి పెంకు కనిపించడం మొదలైంది. 2006 ప్రాంతంలో వచ్చిన ఆడి ఆర్‌ఎస్4 వీ8 ఇంజిన్ ఈ విషయంలో మరీ పేరుపడింది. 420 గుర్రాల ఇంజిన్ అని కొన్నవాళ్లు కొన్నాళ్లకు డైనో మీద పెట్టి చూసుకుని లబోదిబోమన్నారు.

ఇక్కడొకటి గమనించాలి. పోర్ట్ ఇంజెక్షన్ కూడా పుట్టుకతోనే శుభ్రమైనది కాదు. 1980ల్లో అది కొత్తగా వచ్చినప్పుడు వేడి వాల్వు మీద పెట్రోలే జిగురులా ఎండి పేరుకునేది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆ పెంకు స్పాంజిలా పెట్రోలును పీల్చుకునేది, సిలిండర్‌కు చేరాల్సింది చేరక బండి తడబడేది. పరిష్కారం పెట్రోలులోనే దొరికింది. కంపెనీలు డిటర్జెంట్ మందులు కలపడం మొదలుపెట్టాయి. ఆ మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి బీఎండబ్ల్యూ 318ఐ కారును 10,000 మైళ్లు నడిపి వాల్వులు విప్పి తూకం వేసే పరీక్ష ఒకటి స్థిరపడింది. అమెరికాలో 1995 నుంచి పెట్రోలులో డిటర్జెంట్ తప్పనిసరి చేశారు. అంటే పోర్ట్ ఇంజెక్షన్ వాల్వును శుభ్రంగా ఉంచేది ఉత్త పెట్రోలు కాదు, మందు కలిసిన పెట్రోలు. ప్రతి రెండు చుట్లకోసారి ఆ మందునీళ్లతో వాల్వు వీపు తడుస్తూనే ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఆ తడిని తీసేసింది. పెట్రోలు వాల్వుకు చేస్తున్న ఈ ఊడిగం ఇంజినీర్ల లెక్కలో ఎంత చిన్నదిగా ఉందో, అది ఆగిపోయాక అంత పెద్దదైంది.

సరే, పెట్రోలు తగలకపోతే మసి ఎక్కడిది? ఇంజిన్ ఆయిల్‌ది. పిస్టన్ రింగులు ఎంత బిగువుగా ఉన్నా, మండిన వాయువుల్లో కొంత వాటి పక్క నుంచి కిందికి, ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. ఆ వాయువులు అక్కడే ఉంటే ఒత్తిడి పెరిగి సీళ్లు తన్నుకుపోతాయి. బయటికి వదిలితే చట్టం ఒప్పుకోదు. అందుకే పీసీవీ అనే చిన్న ఏర్పాటు ద్వారా వాటిని తిరిగి ఇంటేక్‌లోకే పంపి కాల్చేస్తారు. ఆ వాయువులతో పాటు ఆయిల్ ఆవిరి, సన్నటి ఆయిల్ తుంపర కూడా వస్తుంది. మధ్యలో ఆయిల్‌ను వేరుచేసే గది ఉన్నా అంతటినీ పట్టలేదు. వాల్వు కాడ చుట్టూ ఉండే సీల్ నుంచి కూడా రవ్వంత ఆయిల్ కిందికి దిగుతుంది. రెండు వాల్వులూ తెరిచి ఉన్న క్షణాల్లో సిలిండర్లోంచి కాస్త పొగ వెనక్కి తన్నుతుంది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలకు పోపు ఆవిరీ దుమ్మూ కలిసి ఎలా పడతాయో తెలుసు కదా, ఇక్కడా అంతే. తేడా ఏమంటే ఈ రెక్క వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది, కాబట్టి జిగట జిగటగా ఉండక మాడి గట్టిపడుతుంది.

ఇదంతా పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లోనూ జరుగుతుంది. ఆయిల్ ఆవిరి అక్కడా వాల్వు మీద పడుతుంది. పడ్డది పడ్డట్టే కడుక్కుపోతుంది, అంతే.

డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లన్నిటికీ ఈ జబ్బు ఒకే స్థాయిలో రాదు. మొదటితరం ఇంజిన్లతో పోలిస్తే ఇప్పటివాటిలో ఆయిల్‌ను వేరుచేసే ఏర్పాట్లు చాలా మెరుగయ్యాయి. ఒకే మోడల్‌లో కూడా, హైవే మీద ఎక్కువగా తిరిగే బండి లక్ష దాటినా హాయిగా ఉంటుంది. పొద్దున రెండు కిలోమీటర్లు స్కూలుకు, సాయంత్రం రెండు కిలోమీటర్లు కూరల మార్కెట్టుకు తిరిగేది అంతకు ముందే మొరాయించవచ్చు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆపేస్తే ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోలు బయటికి పోవు. అవన్నీ పీసీవీ దారిలోనే వాల్వుల దగ్గరికి చేరతాయి.

ఆ మొరాయించడం ఎలా ఉంటుందో విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ దగ్గర కూర్చుని చూశాను. మూడు సిలిండర్ల టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ బండి, దాదాపు 80 వేల కిలోమీటర్లు తిరిగింది. ఓనరు ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు.

“పొద్దున స్టార్ట్ చేస్తే ఒక నిమిషం పాటు వణుకుతుందయ్యా. తర్వాత ఏమీ ఉండదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ప్లగ్గులు మార్చారు, కాయిల్ మార్చారు, మళ్లీ అదే,” అన్నాడాయన.

“ఏ కాయిల్ మార్చారు మాస్టారూ?”

“ఏదో ఒకటి. బిల్లు మటుకు ఇచ్చారు.”

మెకానిక్ స్కానర్ పెట్టాడు. తెర మీద P0302 అని వచ్చింది. P03 అంటే మిస్‌ఫైర్, చివరి అంకె రెండో సిలిండర్ అని. అతను వెంటనే ఇంజిన్ విప్పబోలేదు, అక్కడే నాకతను నచ్చాడు. రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడో దానికి, మూడో దాని కాయిల్ రెండోదానికి పెట్టి, కోడ్ చెరిపేసి, రాత్రంతా బండి తన దగ్గరే ఉంచుకున్నాడు. చల్లారిన ఇంజిన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేయాలి కాబట్టి. కాయిల్‌ది తప్పయితే కోడ్ కాయిల్ వెంట నడిచి P0303 అవ్వాలి. అవ్వలేదు. ప్లగ్గులు అలాగే మార్చి ఇంకో పొద్దున చూశాడు. మళ్లీ P0302. కంప్రెషన్ గేజ్ పెడితే మూడు సిలిండర్లూ దగ్గర దగ్గరగా సమంగా ఉన్నాయి. అంటే రింగులు, వాల్వు సీట్లు బాగానే ఉన్నట్టు. మిగిలినవి రెండు, ఇంజెక్టర్ ఒకటి, వాల్వు వెనక మసి ఒకటి.

“బండి వేడెక్కాక సాఫీగా ఉంది, పై స్పీడులో మాత్రం పికప్ కాస్త మందంగా ఉంది. నాకు వాల్వుల మీదే అనుమానం,” అని మానిఫోల్డ్ విప్పి, సన్నటి కెమెరా తీగను పోర్ట్‌లోకి దించాడు.

ఫోన్ తెర మీద కనిపించింది చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. వాల్వు కాడ సన్నగా మెరుస్తూ ఉండాలి. ఇక్కడది మొదట్లో చెట్టు బెరడులా గరుకుగా ఉబ్బి, సగానికి సగం లావెక్కి ఉంది. తల వీపు మీద నల్లటి గడ్డలు, గాలి తోసిన వైపు ఎక్కువ, రెండో వైపు తక్కువ. రెండో సిలిండర్‌లో మిగతా రెండిటికంటే దట్టంగా ఉంది. పీసీవీ గొట్టం మానిఫోల్డ్‌లో కలిసే చోటు దానికి దగ్గరగా ఉంది, అందుకే అయ్యుంటుందని అతని అంచనా.

పొద్దున మాత్రమే ఎందుకు వణుకు? ఐడిల్‌లో సిలిండర్లోకి వెళ్లే గాలి తక్కువ, నెమ్మది కూడా. ఆ కొద్ది గాలి లోపలికి సుడి తిరుగుతూ దూకితేనే పెట్రోలు దానిలో సరిగ్గా కలుస్తుంది. గడ్డలు ఆ సుడిని చెడగొడతాయి. గోడలు చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఆవిరవడమే కష్టం, దానికి ఇది తోడైతే ప్లగ్ దగ్గర అంటుకునే మిశ్రమం ఉండదు. ఇంజిన్ వేడెక్కాక పెట్రోలు సులువుగా ఆవిరవుతుంది, లోపం కప్పడిపోతుంది. పై స్పీడులో పికప్ తగ్గడం వేరే సంగతి, అది దారి ఇరుకైపోవడం వల్ల. ఇంతకూ పోర్ట్ ఇంజెక్షన్ కాలంలో మసి పెట్రోలును పీల్చుకుని చేసిన చెరుపు, ఇక్కడ గాలి దారి చెడగొట్టి చేస్తోంది. బయటికి కనిపించే లక్షణం మాత్రం ఒకటే.

శుభ్రం చేయడానికి వాడింది అక్రోట్ పెంకుల పొడి. బీఎండబ్ల్యూ వర్క్‌షాపుల ద్వారా పేరొచ్చిన పద్ధతి ఇది. పెంకు పొడి మాడిన ఆయిల్‌ను కొట్టి రాల్చేంత గట్టిది, లోహానికి గీత పడనంత మెత్తనిది. క్రాంక్‌ను చేత్తో తిప్పి, ఏ సిలిండర్‌ను శుభ్రం చేస్తున్నారో దాని ఇంటేక్ వాల్వులు రెండూ పూర్తిగా మూసుకునేలా చూసుకోవడం మొదటి పని. అది తప్పితే మసి పెళ్లలు, పెంకు పొడి నేరుగా పిస్టన్ మీద పడతాయి. తర్వాత పోర్ట్ నోటికి వ్యాక్యూమ్ గొట్టం తొడిగి, అందులోంచే సన్నటి నాజిల్ దూర్చి, కంప్రెసర్ గాలితో పొడిని కొడతారు. కొట్టింది కొట్టినట్టు వ్యాక్యూమ్ లాగేస్తుంది. మళ్లీ కెమెరా, మళ్లీ కాసేపు కొట్టడం. ఒక సిలిండర్ అయ్యాక క్రాంక్ తిప్పి తర్వాతది. మూడు సిలిండర్లకు ఆరు వాల్వులు, సగం రోజు పైనే పట్టింది. చివర మానిఫోల్డ్‌కు కొత్త గ్యాస్కెట్లు వేసి బిగించాడు.

ఇందులో సిలిండర్ హెడ్ దించే పని లేదు. “కార్బన్ పట్టింది, హెడ్ దించాలి” అని ఎవరైనా అంటే, ముందు కెమెరాలో చూపించమని అడగండి. మానిఫోల్డ్ విప్పితే వాల్వుల వీపు కనిపిస్తుంది, అక్కడి నుంచే పని అయిపోతుంది. కొన్నిచోట్ల పొడి మిషన్ ఉండదు. పోర్ట్‌లో ద్రావకం పోసి నానబెట్టి, ప్లాస్టిక్ పుల్లలతో, బ్రష్షులతో గీకుతారు. అది కూడా నిజమైన పద్ధతే, ఓపిక ఎక్కువ కావాలి, అంతే.

మానిఫోల్డ్ విప్పకుండానే డీకార్బనైజింగ్ చేస్తామనే వాళ్ల సంగతి వేరు. ఇంజిన్ నడుస్తుండగా గాలి దారిలో నురుగు మందు కొట్టడం ఒకటి. మెత్తగా ఉన్న పల్చటి పొరను అది కొంత తీయగలదు, మాడి గట్టిపడ్డ పెంకును తీయలేదు. పైగా పెద్ద పెళ్ల ఒకటి ఊడివస్తే అది సిలిండర్ గుండా, టర్బో రెక్కల మీదుగా పోవాలి. గొట్టంలో హైడ్రోజన్ వాయువు ఎక్కించి మసి పోగొడతాం అనేది ఇంకోటి. ఆ వాయువు మండేది సిలిండర్లో, పెంకు ఉన్నది సిలిండర్ బయట. మొదట చెప్పిన సీసా మందుకు ఏ అడ్డంకి ఉందో దీనికీ అదే. ట్యాంకులో పోసే మంచి డిటర్జెంట్ మందు డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో పూర్తిగా వృథా అని కూడా అనను, ఎందుకంటే ఇంజెక్టర్ నోరు నేరుగా మంటలోనే ఉంటుంది, అక్కడ పట్టే మసికి అది పనికొస్తుంది. వాల్వు పేరు చెప్పి అమ్మడమే తప్పు. పోర్ట్ ఇంజెక్షన్ కారుకు, బండి బాగానే నడుస్తుండగా, ప్రతి సర్వీసులోనూ డీకార్బనైజింగ్ రాసేవాళ్లు మరీ విడ్డూరం. ఆ బండి వాల్వులను పెట్రోలే రోజూ కడుగుతోంది.

ముందే జాగ్రత్త పడాలంటే కాస్తయినా మన చేతిలో ఉన్నది ఆయిల్. ఆవిరి తక్కువయ్యే ఆయిల్ వాడితే పీసీవీ దారిలో పోయేది తగ్గుతుంది. దీన్ని కొలిచే పరీక్ష పేరు నోయాక్. ఆయిల్‌ను 250 డిగ్రీల దగ్గర గంట సేపు ఉంచి ఎంత బరువు ఆవిరైపోయిందో చూస్తారు. బండి మాన్యువల్లో రాసిన గ్రేడే పోయించుకోవాలి, “ఏదైతేనేం సార్, సింథటిక్కే కదా” అన్నా ఒప్పుకోకూడదు. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లకు దీనికి ఇంకో కారణం కూడా ఉంది. తక్కువ స్పీడులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, ప్లగ్ మండించకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీసే జబ్బు వీటిలో ఉంటుంది. ఆయిల్‌లో ఏ మందులున్నాయి అన్నదాన్ని బట్టి అది పెరగడం, తగ్గడం జరుగుతుంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడులో ఈ పరీక్ష భాగం.

కంపెనీలు ఏం చేశాయి? రెండు ఇంజెక్టర్లూ పెట్టేశాయి. టయోటా 2005లో లెక్సస్ వీ6 ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు పోర్ట్‌లో ఒకటి, లోపల ఒకటి పెట్టి డీ-4ఎస్ అని పేరు పెట్టింది. నెమ్మదిగా నడిచేటప్పుడు బయటిది ఎక్కువగా, గట్టిగా తొక్కినప్పుడు లోపలిది ఎక్కువగా పనిచేస్తాయి. ఫోర్డ్ 2017 ఎఫ్-150 ట్రక్కు 3.5 లీటర్ల టర్బోకు ఇదే దారి పట్టింది. ఫోక్స్‌వ్యాగన్ కథ ఇంకా చిత్రం. ఈఏ888 మూడోతరం ఇంజిన్‌ను యూరప్‌కు రెండు ఇంజెక్టర్లతో అమ్మి, అమెరికాకు అదే ఇంజిన్‌ను డైరెక్ట్ ఇంజెక్టర్‌తో మాత్రమే అమ్మింది. వాల్వుల శుభ్రతే కారణమైతే అమెరికా వాళ్లకు మటుకు వాల్వులు లేవా? అసలు కారణం పొగగొట్టం దగ్గర ఉంది.

సిలిండర్లోకి నేరుగా చిమ్మినప్పుడు కొంత పెట్రోలు ఆవిరి కాకముందే పిస్టన్ తలకు, గోడలకు తగిలి అక్కడే మండి సన్నటి మసి రేణువులవుతుంది. పోర్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలుకు కలవడానికి బోలెడు సమయం కాబట్టి ఇది తక్కువ. యూరో 6 నిబంధనలు, వాటిని అనుసరించిన మన బీఎస్6 నిబంధనలు పెట్రోలు కార్లలో డైరెక్ట్ ఇంజెక్షన్ వాటికే ఈ రేణువుల సంఖ్య మీద పరిమితి పెట్టాయి. యూరప్‌లో చివరికి అది కిలోమీటరుకు 60 వేల కోట్ల రేణువుల దగ్గర ఆగింది. వినడానికి చాలా పెద్ద అంకెలా ఉంటుంది గానీ, రేణువులు అంత సన్నటివి, అందుకోవడం కష్టమైన పరిమితే అది. పొగగొట్టంలో ఫిల్టర్ పెట్టడం ఒక మార్గం, తేలిక నడకలో పోర్ట్ ఇంజెక్టర్ వాడుకోవడం ఇంకో మార్గం. అలా మసి లెక్క కోసం తిరిగొచ్చిన పాత ఇంజెక్టర్, వచ్చినందుకు వాల్వులను కూడా కడిగిపెడుతోంది. ఇందులో లోపం ఖర్చు. ఇంజెక్టర్లు రెట్టింపు, రైళ్లు రెండు, కంప్యూటర్‌కు చెప్పాల్సిన లెక్కలు రెట్టింపు. పది పన్నెండు లక్షల కారులో అది పెట్టడం తేలిక కాదు. మన దగ్గర టయోటా క్యామ్రీ హైబ్రిడ్ లాంటి ఖరీదైన బండిలో అది కనిపించడానికి కారణం అదే.

మారుతి డ్యూయల్‌జెట్ అన్న పేరు చూసి ఇదే అనుకునేవాళ్లున్నారు. కాదు. అందులో సిలిండర్‌కు రెండు ఇంజెక్టర్లు ఉన్న మాట నిజమే, రెండూ పోర్ట్‌లోనే, ఒక్కో వాల్వుకు ఒకటి చొప్పున ఉంటాయి. అది పూర్తిగా పోర్ట్ ఇంజెక్షన్, వాల్వు మసి బెంగ లేనిది. అదే కంపెనీ బూస్టర్‌జెట్ మాత్రం డైరెక్ట్ ఇంజెక్షన్. పేరులో జెట్ ఉందా లేదా అని కాక, బానెట్ ఎత్తి చూడటం నయం. పోర్ట్ ఇంజెక్షన్ అయితే మానిఫోల్డ్ చివర, హెడ్‌ను తాకే చోట సన్నటి రైలుకు ఇంజెక్టర్లు వరసగా గుచ్చినట్టు కనిపిస్తాయి. డైరెక్ట్ అయితే వాటి జాడ ఉండదు. క్యామ్ కవర్ చివర పిడికిలంత పంపు, దాని నుంచి బయల్దేరే గట్టి ఇనుప గొట్టం కనిపిస్తాయి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా దగ్గర నిలబడితే ఆ పంపు, ఇంజెక్టర్లు కలిసి టిక్కుటిక్కుమని డీజిల్ బండిలా చప్పుడు చేస్తుంటాయి. ఆ చప్పుడు విని ట్యాపెట్లు లూజయ్యాయని సెట్టింగ్‌కు పంపే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. ఆ బండ్లలో చాలావాటికి ట్యాపెట్లు సెట్ చేసే స్క్రూలే ఉండవు.